పాస్‌బుక్‌లో వడ్డీ పడుతూనే ఉంది, మరి అకౌంట్ ఎందుకు ఆగిపోయింది?

రాజోలు, మలికిపురం, అమలాపురం వైపు బ్యాంకుల్లో తరచూ వినపడే మాట ఒకటుంది. "మీ అకౌంట్ డోర్మెంట్‌లోకి వెళ్లిపోయిందండి" అంటారు కౌంటర్లో. అవతలివాళ్లు పాస్‌బుక్ ముందుకు తోసి, "అదేంటి, మొన్న కూడా వడ్డీ పడింది కదా, చూడండి" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వడ్డీ పడటం నిజం, అకౌంట్ ఆగిపోవడమూ నిజం. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో తెలిస్తే, ఏ చార్జీ సబబో ఏది కాదో, మళ్లీ తెరిపించడానికి ఏం పట్టుకెళ్లాలో తేలిగ్గానే అర్థమవుతుంది.

రిజర్వ్ బ్యాంకు 2024 జనవరి 1న ఇచ్చి, ఏప్రిల్ 1 నుంచి అమల్లో పెట్టిన ఉత్తర్వు ప్రకారం, సేవింగ్స్ అకౌంట్‌లో గానీ కరెంట్ అకౌంట్‌లో గానీ రెండేళ్లకు మించి ఖాతాదారు వైపు నుంచి ఏ కదలికా లేకపోతే దాన్ని ఇన్‌ఆపరేటివ్‌గా లెక్కేస్తారు. కొన్ని బ్యాంకులు దీన్నే డోర్మెంట్ అంటాయి. కౌంటర్లో ఏ పేరు చెప్పినా మీరు చూసుకోవాల్సింది ఆ రెండేళ్ల లెక్కే. అందులోనూ "ఖాతాదారు వైపు నుంచి" అన్న మాట దగ్గరే అందరూ పొరబడుతున్నారు.

బ్యాంకు తనంతట తాను వేసే పద్దులు ఈ లెక్కలోకి రావు. మూడు నెలలకోసారి వేసే సేవింగ్స్ వడ్డీ, ఎస్సెమ్మెస్ చార్జీ, కార్డు చార్జీ, జరిమానా, పన్ను కోత, ఇవన్నీ బ్యాంకు పద్దులే. అవి పదేళ్లపాటు పడుతూనే ఉన్నా అకౌంట్ కదిలినట్టు కాదు. మీరు డబ్బు వేస్తే, తీస్తే, ఫోన్‌పే లాంటి యూపీఐ యాప్‌లో పంపితే, మీ చెక్కు క్లియరింగ్‌కి వస్తే, ఈఎంఐ మీరిచ్చిన అనుమతితో కట్ అయితే అవి మీ కదలికలు. డబ్బు కదలాల్సిన పని కూడా లేదు. మొబైల్ బ్యాంకింగ్‌లోకి లాగిన్ అయినా, ఏటీఎంలో కార్డు పెట్టి పిన్ కొట్టి బ్యాలెన్స్ చూసుకున్నా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ మీరే వచ్చారన్న రుజువు మిగులుతుంది. కేవైసీ కొత్తగా ఇచ్చినా లెక్కే. ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ ఈ అకౌంట్‌లోకి వస్తున్నా, షేర్ల డివిడెండ్ పడినా, ప్రభుత్వ పథకం సొమ్ము నేరుగా జమైనా అవీ మీ కదలికల కిందికే వస్తాయి. సేవింగ్స్ వడ్డీకీ డిపాజిట్ వడ్డీకీ మధ్య ఉన్న ఈ తేడా చాలామందికి తెలియదు.

మిషన్లో పాస్‌బుక్ పెట్టి ప్రింట్ వేయించుకోవడం మాత్రం ఈ నిర్వచనంలో ఇమడదు. బార్‌కోడ్ ఉన్న పుస్తకం ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ప్రింట్ వేయించుకోవచ్చు. పిన్ లేదు, ఓటీపీ లేదు, మీరే వచ్చారనడానికి ఆధారం లేదు. ఏడాదికోసారి పుస్తకం నింపించుకుని అకౌంట్ బాగానే ఉందనుకునే పెద్దవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు.

డెల్టాలో ఇంకో తిరకాసు ఉంది. ఒక మనిషికి రెండు మూడు అకౌంట్లు ఉండటం ఇక్కడ మామూలే. పంట రుణానికి ఒకటి, డ్వాక్రా గ్రూపు కోసం ఒకటి, పెళ్లికి ముందు పుట్టింటి ఊళ్లో తీసినది ఇంకొకటి. గ్యాస్ సబ్సిడీ గానీ పీఎం కిసాన్ గానీ ఆధార్‌తో లింకైన అకౌంట్‌కే వెళ్తాయి. ఒక ఆధార్‌కి ఒక సమయంలో ఒకే బ్యాంకు లింకై ఉంటుంది, అదీ చివరగా లింక్ చేసినది. కాబట్టి పథకాల డబ్బు వస్తున్న అకౌంట్ కదులుతూనే ఉంటుంది, మిగతావి నిద్రపోతాయి. ఒకే మనిషి, ఒకే బ్యాంకు అయినా సరే, రెండేళ్ల లెక్క ఏ అకౌంట్‌కి ఆ అకౌంట్‌కే విడిగా చూస్తారు. ఇక సామాజిక పింఛన్ సంగతి. అది నెల మొదట్లో ఇంటికొచ్చి చేతికే ఇస్తున్నారు కాబట్టి అకౌంట్‌ను తాకదు. పింఛన్ తీసుకునే మామ్మగారికి నెలనెలా డబ్బు అందుతున్నా, ఆవిడ బ్యాంకు అకౌంట్ ఆగిపోయి ఉండొచ్చు. మీ ఆధార్ ఏ బ్యాంకుకు లింకై ఉందో మైఆధార్ సైట్‌లో Bank Seeding Status అన్నచోట కనపడుతుంది.

పథకాల కోసం, స్కాలర్‌షిప్ కోసం తీసిన జీరో బ్యాలెన్స్ అకౌంట్లను బ్యాంకులు కంప్యూటర్‌లో వేరు చేసి పెట్టి, రెండేళ్లు కదలకపోయినా ఇన్‌ఆపరేటివ్ ముద్ర వేయకూడదని అదే ఉత్తర్వు చెబుతోంది. మీది అలాంటి అకౌంటై ఉండి ఆగిపోతే, యాక్టివేషన్ ఫారం నింపే ముందు ఈ సంగతి అడగండి.

ఇక ఒక లెక్క వేసి చూద్దాం. మనిషీ, అంకెలూ ఊహించి పెట్టినవే, కానీ ఇలాంటి పాస్‌బుక్కులు కోనసీమలో ఎన్నయినా దొరుకుతాయి. ఒకావిడ పుట్టిల్లు పాలకొల్లు. పెళ్లికి ముందు అక్కడి బ్రాంచిలో సేవింగ్స్ అకౌంట్ తీసింది. అత్తవారిది చించినాడ వంతెన దాటి రాజోలు పక్క పల్లె. 2022 మార్చి 14న ఐదు వేలు తీసుకుని కువైట్‌లో పనికి వెళ్లింది. ఆ రోజు బ్యాలెన్స్ 1,420 రూపాయలు. ఆ బ్యాంకులో ఉంచాల్సిన కనీస నిల్వ 1,000. అక్కడినుంచి పంపిన డబ్బంతా భర్త అకౌంట్‌కే వచ్చింది. ఇప్పుడు శాశ్వతంగా తిరిగొచ్చేసింది, పాత అకౌంట్ కావాలి.

ఆవిడ పాస్‌బుక్‌లో రెండు అంకెలు పదేపదే కనపడతాయి. ఒకటి 17.70, ఇంకొకటి 236. మొదటిది మూడు నెలల ఎస్సెమ్మెస్ చార్జీ: 15 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 2.70. రెండోది ఏటీఎం కార్డు సంవత్సర చార్జీ: 200, దానిపై జీఎస్టీ 36. పాస్‌బుక్‌లో వింత అంకె ఏది కనపడినా దాన్ని 1.18తో భాగించి చూడండి. గుండ్రంగా వస్తే అది చాలావరకు చార్జీయే. 59 వచ్చిందంటే అసలు 50, 118 అయితే అసలు 100.

మొదటి ఏడాదిలో ఎస్సెమ్మెస్‌కి నాలుగుసార్లు కలిపి 70.80, కార్డుకి 236 పోయాయి, వడ్డీ ఓ 36 వచ్చింది. మిగిలింది దాదాపు 1,149. అప్పటికింకా కనీస నిల్వ పైనే ఉంది. రెండో ఏడాది మొదట్లో కార్డు చార్జీ మళ్లీ పడగానే 913కి దిగింది. అసలు చిక్కు అక్కడ మొదలైంది. కనీస నిల్వ లేదని మూడు నెలలకోసారి 59 చొప్పున మూడుసార్లు, ఎస్సెమ్మెస్‌కి 70.80, వడ్డీ ఓ 22. 2024 మార్చి నాటికి మిగిలింది 687 చిల్లర. ఆవిడ ఒక్క రూపాయి కూడా తీయలేదు, సగానికి పైగా హరించుకుపోయింది. కనీస నిల్వ తప్పినప్పుడు జరిమానా వేసే ముందు బ్యాంకు సమాచారం ఇచ్చి, నిల్వ సరిచేసుకోవడానికి నెల గడువు ఇవ్వాలి. ఇచ్చే ఉంటుంది కూడా, కాకపోతే రీఛార్జి లేక ఎప్పుడో కట్టయిపోయిన సిమ్‌కి.

ఈ రెండేళ్లలో పడిన చార్జీలు, బ్యాంకు ముందుగా ప్రకటించిన పట్టికలో ఉన్నంతవరకు, నియమం ప్రకారం పడినవే. నాకు నచ్చకపోయినా వాటిని తప్పనలేం. కనీస నిల్వ జరిమానా వల్లే బ్యాలెన్స్ సున్నా కిందికి, మైనస్‌లోకి వెళ్లకూడదన్న హద్దు మాత్రం 2015 ఏప్రిల్ 1 నుంచి ఉంది. స్టేట్ బ్యాంకు 2020లోనే ఈ జరిమానా ఎత్తేసింది. 2025లో కెనరా బ్యాంకు, పంజాబ్ నేషనల్ బ్యాంకు, ఇండియన్ బ్యాంకు కూడా సేవింగ్స్ అకౌంట్లకు ఎత్తేశాయి. అయితే పాత ఏళ్లలో కోసినదానికి ఈ మార్పు వెనక్కి వర్తించదు.

రెండేళ్లు దాటిన తర్వాత లెక్క మారుతుంది. అకౌంట్ ఇన్‌ఆపరేటివ్ అయ్యాక కనీస నిల్వ లేదని జరిమానా వేయకూడదు. తిరిగి తెరవడానికి ఏ చార్జీ తీసుకోకూడదు. వడ్డీ మాత్రం మామూలుగా వేస్తూనే ఉండాలి. ఈ మూడూ ఉత్తర్వులో సూటిగా రాసి ఉన్నాయి.

మన లెక్కలో ఆవిడ పాస్‌బుక్‌ను అదే చూపుతో చదవండి. చివరి సొంత లావాదేవీ 2022 మార్చి 14. కాబట్టి 2024 మార్చి 14 దాటాక అది ఇన్‌ఆపరేటివ్ కావాలి. కానీ 2024 ఏప్రిల్, జులై, అక్టోబరు, 2025 జనవరిలో కూడా 59 చొప్పున పడ్డాయనుకోండి. జులై నుంచి పడిన మూడు, అంటే 177 రూపాయలు, వెనక్కి అడగదగ్గవి. ఏప్రిల్‌లో పడింది జనవరి-మార్చి మూడు నెలలకు సంబంధించింది. అందులో ఎక్కువ రోజులు అకౌంట్ నడుస్తున్నట్టే లెక్క కాబట్టి దాని దగ్గర బ్యాంకు వాదించే వీలుంది. అడిగి చూడొచ్చు గానీ, అక్కడ పట్టుబడితే మిగతా మూడింటి సంగతి కూడా లాగుడుపడుతుంది.

ఇలా ఎందుకు పడతాయంటే కారణం రెండింటిలో ఒకటై ఉంటుంది. బ్యాంకు కంప్యూటర్లో ఆ ముద్ర ఆలస్యంగా పడి ఉంటుంది. లేదా మధ్యలో మీకు తెలియని లావాదేవీ ఏదో, ఓ గ్యాస్ సబ్సిడీ లాంటిది, జమై రెండేళ్ల లెక్క మళ్లీ మొదలై ఉంటుంది. అందుకే కౌంటర్లో "ఎందుకు కోశారు" అని అడిగేకన్నా రెండు తేదీలు అడగడం మేలు: నా వైపు నుంచి చివరి లావాదేవీ ఎప్పుడని మీ దగ్గరుంది, ఇన్‌ఆపరేటివ్ అని ఏ తేదీన పెట్టారు. ఈ రెండూ కాగితం మీదకొస్తే మిగతా మాటలతో పని ఉండదు.

కార్డు చార్జీ, ఎస్సెమ్మెస్ చార్జీల విషయం ఇంత తేటగా ఉండదు. పేరు పెట్టి ఆపమన్నది కనీస నిల్వ జరిమానా, యాక్టివేషన్ చార్జీ, ఈ రెండింటినే. అయితే కార్డు మీద రాసిన గడువు తీరిపోయాక కూడా 236 పడి ఉంటే, లేని కార్డుకి చార్జీ ఏమిటని అడగొచ్చు. కార్డు పట్టుకెళ్లి గడువు నెల చూపించి అడగండి, నోటి మాటకన్నా అది బలంగా పనిచేస్తుంది.

బ్యాలెన్స్ లక్షల్లో ఉన్నవాళ్లకి ఈ చిల్లర చార్జీలు పెద్ద విషయం కాకపోవచ్చు. అవసరం పడ్డ రోజున డబ్బు బయటికి రాకపోవడమే వాళ్లకు అసలు నష్టం. ఇన్‌ఆపరేటివ్ అకౌంట్‌లోంచి ఖాతాదారు వచ్చి తెరిపించుకునేదాకా డబ్బు తీయనివ్వరు. ఏటీఎం పనిచేయదు, యూపీఐ ఫెయిల్ అవుతుంది, చెక్కు తిరిగొస్తుంది. ఇది కక్ష కాదు. చాలాకాలంగా ఎవరూ చూడని అకౌంట్లలోంచి, సొంత సిబ్బందితో సహా, ఎవరో ఒకరు డబ్బు లాగేయడం బ్యాంకులకు కొత్త కాదు. అందుకే తిరిగి తెరిచిన అకౌంట్ మీద కూడా కనీసం ఆరు నెలలు, ఆ బ్రాంచి సిబ్బందికి తెలియకుండా, పై అధికారులు కన్నేసి ఉంచాలని నియమం.

ఇక తెరిపించడం. మన లెక్కలోని ఆవిడ వంతెన దాటి పాలకొల్లు వెళ్లక్కర్లేదు. అదే బ్యాంకు రాజోలు బ్రాంచిలోనూ కేవైసీ ఇచ్చి అకౌంట్ తెరిపించుకోవచ్చు. ఏ బ్రాంచిలోనైనా ఈ వీలు ఉండాలని రిజర్వ్ బ్యాంకు 2025 జూన్‌లో చెప్పింది. వీలైనచోట వీడియో కాల్‌లో కేవైసీ ఇవ్వొచ్చు, బ్యాంకు మిత్రల సాయం కూడా తీసుకోవచ్చు. "మీ హోమ్ బ్రాంచికే వెళ్లండి" అనే మాట ఇంకా వినపడుతూనే ఉంటుంది. అలా అంటే, ఫారం తీసుకుని మీరే పంపించండి అని మర్యాదగా అడగండి.

పట్టుకెళ్లాల్సినవి పాస్‌బుక్, ఆధార్, పాన్, ఒక ఫొటో, ఇప్పుడు చేతిలో ఉన్న ఫోన్. పాన్ లేనివాళ్లకు దాని బదులు నింపే ఫారం బ్యాంకులోనే ఇస్తారు. యాక్టివేషన్ అర్జీ, కేవైసీ ఫారం నింపి సంతకం పెట్టాలి. ఇంతవరకు గంట పని. ఆగిపోయేది సాధారణంగా ఇంకో మూడు చోట్ల.

మొదటిది ఇంటిపేరు. పాలకొల్లులో తీసిన అకౌంట్ పుట్టింటి పేరుతో ఉంది, ఆధార్ అత్తింటి పేరుతో మారింది. కంప్యూటర్ దృష్టిలో వీళ్లిద్దరూ వేర్వేరు మనుషులు. దీనికి మందు ప్రభుత్వం ఇచ్చే పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, లేదా పేరు మార్పు గెజిట్ ప్రకటన. నోటరీ అఫిడవిట్ చాలంటారు కొందరు, ఒక్కోచోట తీసుకుంటారు కూడా, కానీ కేవైసీ నియమాల్లో రాసింది మాత్రం ఆ రెండే. పెళ్లి రిజిస్టర్ చేయించుకోని దంపతులు మనలో ఎక్కువ కాబట్టి, బ్యాంకుకు వెళ్లే ముందే ఈ కాగితం సంగతి చూసుకోవాలి. పాన్ మీద ఏ పేరుందో కూడా ఒకసారి చూడండి. అది మూడో పేరైతే ముందు ఆధార్‌లోనూ పాన్‌లోనూ పేరు ఒకేలా చేయించి, ఆ తర్వాతే బ్యాంకుకు వెళ్లడం నయం.

రెండోది ఫోన్ నంబరు. రీఛార్జి లేక పోయిన పాత నంబరు ఈపాటికి ఇంకెవరి చేతిలోనో ఉండొచ్చు. అకౌంట్ తెరుచుకున్నాక ఓటీపీలు వాళ్లకి వెళ్తాయి. నంబరు మార్పు అర్జీని యాక్టివేషన్ అర్జీతో పాటే ఇచ్చి, మార్పు అయినట్టు కొత్త ఫోన్‌కి మెసేజ్ వచ్చాకే డబ్బు వేయండి. ఆధార్‌లో కూడా పాత నంబరే ఉంటే ఆధార్ ఓటీపీతో కేవైసీ కుదరదు. ముందు ఆధార్ కేంద్రంలో అది మార్పించుకోవాలి, లేదా బ్యాంకులో వేలిముద్ర వేయాలి. ఇళ్లలో అంట్లు తోమి, రొయ్యల షెడ్లలో పనిచేసి అరిగిన వేళ్లకి మిషన్ పలకదు. రెండు మూడు వేళ్లు మార్చి చూసినా కాకపోతే, ఆధార్ కాగితం నకలు తీసుకుని అసలుతో సరిచూసే పద్ధతి ఉంది, ఆ దారిలో తీసుకోమనండి.

మూడోది సంతకం. పదిహేనేళ్ల కిందట కాలేజీ రోజుల్లో పెట్టిన సంతకం ఎవరికి గుర్తుంటుంది? కలవకపోతే కంగారు పడక్కర్లేదు. అధికారి ఎదురుగా కొత్త నమూనా సంతకం ఇచ్చి పాతదాన్ని మార్పించుకోవచ్చు, ఫొటో ఆధార్ ఉన్నాయి కదా.

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లకి ఇక్కడ అదనంగా ఒకటి తోడవుతుంది. ఉద్యోగానికి విదేశం వెళ్లాక మామూలు సేవింగ్స్ అకౌంట్‌ను అలాగే ఉంచుకోకూడదు, దాన్ని ఎన్నార్వో అకౌంట్‌గా మార్పించుకోవాలి. మన లెక్కలోని ఆవిడలా పూర్తిగా తిరిగొచ్చేసినవాళ్లు ఇక్కడి చిరునామాతో మామూలు ఖాతాగానే తెరిపించుకుంటారు. నలభై రోజుల సెలవు మీద వచ్చి మళ్లీ విమానం ఎక్కేవాళ్లు మాత్రం ఆ సంగతి చెప్పి, పాస్‌పోర్టు, వీసా ఇచ్చి ఎన్నార్వోగా మార్పించుకోవాలి. ఎన్నార్వో వడ్డీ మీద పన్ను ముందే కోసేస్తారు, అందుకని చాలామంది చెప్పకుండా దాటేస్తారు. బ్యాలెన్స్ 687 అయినప్పుడు అలా దాటేసి మిగుల్చుకునేదీ ఏమీ లేదు.

అన్నీ సరిగ్గా ఉన్న అర్జీ అందిన మూడు పనిదినాల్లో అకౌంట్ తెరవాలి. ఇక్కడ "అన్నీ సరిగ్గా ఉన్న" అన్నదే కీలకం. పెళ్లి సర్టిఫికెట్ తర్వాత ఇస్తానని చెప్పి వస్తే ఆ మూడు రోజుల గడియారం మొదలవదు. ఫారం నకలు మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. వేయడానికి విసుక్కుంటే, అక్కడే నిలబడి ఫారం ఫొటో తీసుకుని, బ్రాంచి మెయిల్‌కి పంపితే తేదీ దొరుకుతుంది.

తెరిచామని మెసేజ్ వచ్చాక వందో రెండొందలో వేసి, అందులో కొంత తీసి చూడండి. అది చార్జీ కాదు, మీ డబ్బే. మీ చేత్తో జరిగిన కొత్త తేదీ ఒకటి పుస్తకంలో పడుతుంది, డబ్బు బయటికి వస్తోందో లేదో కూడా తేలుతుంది. మొదట్లో కొన్నాళ్లు ఇంతకన్నా ఎక్కువ తీయకూడదని, ఇన్నిసార్లే తీయాలని పరిమితి పెట్టే వీలు బ్యాంకుకు ఉంది. స్థలం రిజిస్ట్రేషన్‌కో, చేపల చెరువు లీజుకో ఈ అకౌంట్‌లోంచే పెద్ద మొత్తం కట్టాలనుకుంటే ఆ పరిమితి ఎంతో ముందే అడిగి, పదిహేను ఇరవై రోజుల ముందే తెరిపించుకోవాలి. పాత ఏటీఎం కార్డు మళ్లీ ప్రాణం పోసుకోకపోవచ్చు. యూపీఐ కొత్తగా రిజిస్టర్ చేసుకోవాలి. పుస్తకం మీద ఆంధ్రా బ్యాంకు పేరుంటే దాని ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ANDBతో మొదలవుతుంది, అది ఇప్పుడు చెల్లదు. 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయాక UBINతో మొదలయ్యే కోడ్ వచ్చింది. చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు పుస్తకాలున్నవాళ్లు కూడా, 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులూ ఒక్కటయ్యాయని గుర్తుంచుకుని, కొత్త పుస్తకం, కొత్త కోడ్ అడిగి తీసుకోవాలి.

పదేళ్లు దాటిపోయినా డబ్బు పోదు. అప్పుడు బ్యాంకు ఆ మొత్తాన్ని రిజర్వ్ బ్యాంకు దగ్గరుండే డిపాజిటర్ ఎడ్యుకేషన్ అండ్ అవేర్‌నెస్ ఫండ్‌కి పంపేస్తుంది. మీరు వెళ్లాల్సింది మాత్రం మీ బ్యాంకుకే, ఫారాలూ దాదాపు ఇవే. బ్యాంకు మీకు ఇచ్చేసి తర్వాత ఫండ్ నుంచి రాబట్టుకుంటుంది. వడ్డీ వచ్చే అకౌంట్ అయితే ఫండ్‌లో ఉన్న కాలానికీ వడ్డీ కలుస్తుంది, 2021 మే 11 నుంచి ఆ రేటు ఏడాదికి 3 శాతం. ఏ బ్యాంకులో ఉందో గుర్తులేకపోతే udgam.rbi.org.in లో పేరు, పాన్ లేదా పుట్టినతేదీ లాంటి వివరాలతో వెతకొచ్చు. కాకపోతే ఇంటిపేరు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాసి ఉండొచ్చో అన్ని రకాలుగానూ కొట్టి చూడాలి. నాన్నగారిదో తాతగారిదో అయితే అది యాక్టివేషన్ కిందికి రాదు. డెత్ సర్టిఫికెట్‌తో నామినీ గానీ వారసులు గానీ క్లెయిమ్ ఫారం పెట్టుకోవాలి. పోయినవారి కార్డుతో ఏటీఎంలో తీసేద్దామనుకునేవాళ్లు తర్వాత అన్నదమ్ముల మధ్య సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది.

యాక్టివేషన్‌కి డబ్బు అడిగినా, రెండేళ్ల తర్వాత పడిన 177 వెనక్కి ఇవ్వకపోయినా, మూడు రోజుల పని మూడు వారాలైనా ముందు ఆ బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోవాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా cms.rbi.org.in లో ఆంబుడ్స్‌మన్‌కి పెట్టుకోవచ్చు, దానికి చార్జీ లేదు. బ్యాంకుకు ఫిర్యాదు చేయకుండా నేరుగా అక్కడికి వెళ్తే తిప్పి పంపేస్తారు. ఫిర్యాదులో కథంతా రాయక్కర్లేదు. చివరి సొంత లావాదేవీ తేదీ, ఇన్‌ఆపరేటివ్ అని పెట్టిన తేదీ, ఆ తర్వాత పడిన ఒక్కో 59 ఏ రోజు పడిందో రాసి, ఆ పాస్‌బుక్ పేజీ ఫొటో జతచేస్తే చాలు.